లేజర్ ఆపేసినా టెస్టులన్నీ పాసయ్యాయి: క్వాంటం రాండమ్ నంబర్ జెనరేటర్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈ ప్రాజెక్టు ఒక మిత్రుడి ప్రశ్నతో మొదలైంది. అంతకుముందు నేను ఒక ట్రాన్సిస్టర్ జంక్షన్‌ని రివర్స్ బయాస్‌లో పెట్టి, అందులోంచి వచ్చే నాయిస్‌ని డిజిటైజ్ చేసి రాండమ్ బిట్లు తీశాను. అవి రాండమ్‌నెస్‌ని పరీక్షించే టెస్టులన్నీ పాసయ్యాయి. ఇప్పుడు లేజర్‌తో క్వాంటం జెనరేటర్ కడతానంటే వాడు, "ఒరేయ్, నీ ట్రాన్సిస్టర్ బిట్లు పాసయ్యాయి, రేపు లేజర్ బిట్లూ పాసవుతాయి. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే ఏది క్వాంటమో ఎలా చెప్తావు?" అన్నాడు.

నిజానికి చెప్పలేను. ఫైలు చూసి ఎవరూ చెప్పలేరు. మరి తేడా ఎక్కడుంది, దాన్ని బల్ల మీద కొలిచి చూపించగలమా అన్నదే ఈ డైరీ.

నేను ఎంచుకున్నది వాక్యూమ్ నాయిస్ పద్ధతి. ఇందులో ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఖరీదైన డిటెక్టర్లు అక్కర్లేదు. ఒక లేజర్, ఒక బీమ్ స్ప్లిటర్, రెండు మామూలు ఫొటోడయోడ్లు ఉంటే చాలు. లేజర్ వెలుగును సగం సగంగా చీల్చి రెండు డయోడ్ల మీద వేస్తాం. రెండు కరెంట్లనూ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తాం. లేజర్ తనంతట తాను మినుకుమంటే రెండు డయోడ్లలోనూ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి తీసివేతలో పోతుంది. పోకుండా మిగిలేది ప్రతి ఫోటాన్ ఎటు వెళ్లిందన్న అనిశ్చితి.

ఇదే విషయాన్ని ఇంకోలా కూడా చెప్పొచ్చు. బీమ్ స్ప్లిటర్‌కి రెండు ద్వారాలుంటాయి. ఒకదాంట్లోంచి లేజర్ వస్తుంది, రెండోది ఖాళీ. క్వాంటం లెక్కలో ఖాళీ అంటే సున్నా కాదు. అక్కడ విద్యుత్ క్షేత్రం సగటు సున్నాయే కానీ దాని చుట్టూ ఊగిసలాట ఉంటుంది. ఖాళీ ద్వారంలోంచి వచ్చే ఆ శూన్యపు ఊగిసలాటను లేజర్ పెద్దది చేసి మనకు చూపిస్తుంది. రెండు వర్ణనలూ ఒకే అంకెనిస్తాయి. నాకు రెండోదే ఇష్టం, ఎందుకో 9వ రోజు రాస్తాను.

3వ రోజు

బల్ల మీద సెటప్ ఇది. 850 నానోమీటర్ల డయోడ్ లేజర్, దాని తర్వాత వెలుగు పోలరైజేషన్ దిశను తిప్పే హాఫ్ వేవ్ ప్లేట్, ఆ తర్వాత పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్ క్యూబ్. ప్లేట్‌ని కొద్దిగా తిప్పితే రెండు వైపులకూ వెళ్లే వెలుగు నిష్పత్తి మారుతుంది. మామూలు 50:50 స్ప్లిటర్‌లో ఈ సర్దుబాటు కుదరదు, అందుకే ఇది. రెండు సిలికాన్ ఫొటోడయోడ్లను సిరీస్‌లో కలిపి, మధ్య బిందువును, కరెంట్‌ని వోల్టేజ్‌గా మార్చే ట్రాన్స్‌ఇంపెడెన్స్ యాంప్లిఫయర్‌కి ఇచ్చాను. అంటే తీసివేత యాంప్లిఫయర్‌కి ముందే, తీగ మీదే జరిగిపోతుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లు. దాని తర్వాత 10 రెట్లు పెంచే ఇంకో యాంప్లిఫయర్, 2 నుంచి 10 మెగాహెర్ట్జ్ దాకా మాత్రమే వదిలే ఫిల్టర్.

ఈ లేజర్ వెలుగు కంటికి దాదాపు కనపడదు. కనపడదు కదా అని వంగి చూడకూడదు. లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాలు పెట్టుకుని, ఇన్‌ఫ్రారెడ్ కార్డు మీదే బీమ్ వెతుక్కోవాలి.

ఏం రావాలో కొలవకముందే లెక్క వేసి పెట్టుకున్నాను. మొత్తం వెలుగు 4 మిల్లీవాట్లు. ఈ డయోడ్లు వాట్‌కి సుమారు 0.5 ఆంపియర్ ఇస్తాయి కాబట్టి రెండూ కలిపి 2 మిల్లీఆంపియర్ల కరెంట్. తీసివేతలో పోకుండా మిగిలే ఆ అనిశ్చితి కరెంట్‌లో షాట్ నాయిస్‌గా కనిపిస్తుంది. దాని సూత్రం షాట్కీ 1918లో ఇచ్చిందే:

```
i = sqrt(2 e I) = sqrt(2 × 1.6e-19 × 2e-3) ≈ 25 pA/√Hz
```

దీన్ని 10 కిలో ఓమ్‌లతోనూ, తర్వాతి 10 రెట్లతోనూ, 8 మెగాహెర్ట్జ్ వెడల్పు వర్గమూలంతోనూ గుణిస్తే సుమారు 7.2 మిల్లీవోల్టులు. దాని వర్గాన్ని, అంటే వేరియన్స్‌ని చూస్తే 51 చదరపు మిల్లీవోల్టులు. మిల్లీవాట్‌కి 12.8 అన్నమాట. ఈ అంకెలో నాకు నచ్చినట్టు సర్దుకోగలిగిన గుబ్బ ఒక్కటీ లేదు. ఎలక్ట్రాన్ ఆవేశం, కరెంట్, రెసిస్టర్, ఫిల్టర్ వెడల్పు, అంతే. కొలత దీని దగ్గరకి రాకపోతే నేను చూస్తున్నది వేరే ఏదో అయి ఉండాలి.

4వ రోజు

ముందు లేజర్ ఆపి కొలిచాను. వేరియన్స్ 2.0 చదరపు మిల్లీవోల్టులు వచ్చింది. ఇది పూర్తిగా ఎలక్ట్రానిక్ నాయిస్. ఇందులో రెసిస్టర్ వేడి నాయిస్ వాటా చిన్నదే, పెద్ద భాగం యాంప్లిఫయర్ వోల్టేజ్ నాయిస్. డయోడ్ల కెపాసిటెన్స్ వల్ల ఆ నాయిస్ పై ఫ్రీక్వెన్సీల్లో బాగా పెరుగుతుంది. అందుకే 10 మెగాహెర్ట్జ్ పైన కోసేశాను.

స్పెక్ట్రమ్‌లో మొదట రెండు సూదుల్లాంటి శిఖరాలు కనిపించాయి. లేజర్ ఆపినా అవి అక్కడే ఉన్నాయి, కాబట్టి వెలుగుకి సంబంధం లేదు. పవర్ అడాప్టర్ తీసి బ్యాటరీతో నడిపితే మాయమయ్యాయి. ఇంతకాలం నా ట్రాన్సిస్టర్ జెనరేటర్ నడిచింది కూడా అదే అడాప్టర్ మీద. ఆ బిట్లలో ఎంత భాగం ఆ సూదులదో ఇప్పుడు చెప్పలేను. టెస్టులు మాత్రం వాటిని పట్టుకోలేదు.

5వ రోజు

లేజర్ వేసి వెలుగును 1, 2, 3, 4 మిల్లీవాట్లకు మారుస్తూ వేరియన్స్ కొలిచాను. ఇక్కడ ఒక జాగ్రత్త: వెలుగు తగ్గించడానికి లేజర్ కరెంట్ తగ్గించకూడదు. కరెంట్ మారితే లేజర్ సొంత నాయిస్ స్వభావమే మారిపోతుంది. కరెంట్ కదపకుండా, దారిలో నల్లటి ఫిల్టర్లు పెట్టి తగ్గించాను.

4 మిల్లీవాట్ల దగ్గర 98.3 వచ్చింది. మొదట సంబరపడ్డాను. ఎలక్ట్రానిక్ నాయిస్ 2.0 అయితే దాని మీద దాదాపు 48 రెట్లు ఉంది, డెసిబెల్స్‌లో 17కి దగ్గర. చాలా శుభ్రమైన డిటెక్టర్ కట్టాననుకున్నాను. కానీ మొన్న వేసిన లెక్క 51 అంటోంది. ఎక్కువ నాయిస్ వస్తే మంచిదేగా అని వదిలేసి ఉంటే ప్రాజెక్టు అక్కడే తప్పుదారి పట్టేది.

ఒక్క పాయింట్ చూసి లాభం లేదు, గీత మొత్తం చూడాలి. మూడు రకాల నాయిస్‌లు వెలుగుతో మూడు రకాలుగా పెరుగుతాయి. ఎలక్ట్రానిక్ నాయిస్‌కి వెలుగుతో పని లేదు, ఎంత వేసినా అంతే ఉంటుంది. షాట్ నాయిస్ వేరియన్స్ వెలుగుతో సమానంగా పెరుగుతుంది, రెట్టింపు వెలుగుకి రెట్టింపు. లేజర్ సొంత మినుకు అయితే వెలుగులో ఒక శాతంగా ఉంటుంది కాబట్టి వేరియన్స్ వర్గంగా పెరుగుతుంది, రెట్టింపు వెలుగుకి నాలుగింతలు. కాబట్టి కొలతలకు ఒక వర్గ సమీకరణం అమరిస్తే మూడూ విడివిడిగా బయటపడతాయి.

```python
import numpy as np
P = np.array([0, 1, 2, 3, 4])
V = np.array([2.0, 17.2, 38.0, 65.5, 98.3])
c, b, a = np.polyfit(P, V, 2)
```

ఇందులో `a` 2.0, `b` 12.1, `c` 3.0 వచ్చాయి. `b` నా లెక్కలోని 12.8కి 5 శాతం తక్కువ. ఫిల్టర్ అంచులు నిట్టనిలువుగా కాకుండా వాలుగా ఉంటాయి కాబట్టి ఆ మాత్రం తేడా ఊహించిందే. `c` మాత్రం ఉండకూడదు. 4 మిల్లీవాట్ల దగ్గర దాని వాటా 48, అంటే క్వాంటం భాగమంత. నేను సంబరపడిన 98లో సగం లేజర్ మినుకు.

తీసివేతలో పోవాల్సింది ఎందుకు పోలేదు? వెతకడానికి సాయంత్రమంతా పట్టింది. కారణం చిన్నదే. ఫిల్టర్ తర్వాత సిగ్నల్ చూస్తున్నాను కాబట్టి అందులో డీసీ ఉండదు. ఫిల్టర్‌కి ముందు, యాంప్లిఫయర్ కాలు మీద మీటర్ పెడితే 1 వోల్ట్ డీసీ ఉంది. 10 కిలో ఓమ్‌ల మీద 1 వోల్ట్ అంటే రెండు డయోడ్ల మధ్య 0.1 మిల్లీఆంపియర్ తేడా. ఒకదాంట్లో 1.05, ఇంకోదాంట్లో 0.95 అన్నమాట. కంటికి సమానంగా అనిపించే సర్దుబాటు చాలదు. మిగిలిన ఆ తేడా గుండా లేజర్ మినుకు లోపలికి వస్తోంది.

హాఫ్ వేవ్ ప్లేట్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ డీసీని 10 మిల్లీవోల్టుల లోపుకి తెచ్చాను. తేడా వంద రెట్లు తగ్గితే మినుకు వేరియన్స్ పదివేల రెట్లు తగ్గుతుంది. మళ్లీ కొలిస్తే 2.0, 14.2, 26.1, 38.4, 50.3. స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖ. `c` సున్నా చుట్టూ తారాడుతోంది.

ఆ గీత చూసినప్పుడు కలిగిన సంతోషం మామూలుది కాదు. మొత్తం నాయిస్ 98 నుంచి 50కి పడిపోయింది, జెనరేటర్ మాత్రం మెరుగైంది. ఎందుకంటే ఇప్పుడు 50.3లో 48.3 ఎక్కడిదో నాకు తెలుసు.

ఇంకో మాట. వెలుగు ఇంకా పెంచుతూ పోతే గీత ఒకచోట కిందికి వంగడం మొదలవుతుంది. అది డయోడ్లో యాంప్లిఫయరో నిండిపోతున్న గుర్తు. నేను 4 దగ్గరే ఆగాను.

9వ రోజు

మిత్రుడు మళ్లీ వచ్చాడు. గీత చూసి ఒప్పుకున్నాడు కానీ మంచి ప్రశ్నే వేశాడు: "రెసిస్టర్‌లో ఎలక్ట్రాన్లు కదులుతుంటాయి, అవీ క్వాంటం కణాలేగా? మరి దాని నాయిస్ ఎందుకు పనికిరాదు?"

దీనికి జవాబు ఉష్ణోగ్రతలో ఉంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరైనా ఊగిసలాటకి రెండు మూలాలుంటాయి. ఒకటి వేడి, రెండోది శూన్యపు ఊగిసలాట. ఏది ఎంత అన్నది ఒక క్వాంటం శక్తికీ గదిలోని వేడి శక్తికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. నా సర్క్యూట్ పనిచేసే 10 మెగాహెర్ట్జ్ దగ్గర, 300 కెల్విన్లలో, వేడి శక్తి ఒక క్వాంటం కంటే సుమారు 6 లక్షల రెట్లు పెద్దది. 1928లో జాన్సన్, నైక్విస్ట్ ప్రచురించిన రెసిస్టర్ నాయిస్ దాదాపు మొత్తం ఈ వేడిదే. అందులో శూన్యపు వాటా పది లక్షల్లో ఒకటి మాత్రమే. లేదని కాదు, ఉంది, కానీ వేడి కింద పాతుకుపోయి ఉంది.

అదే గదిలో, అదే ఉష్ణోగ్రతలో, 850 నానోమీటర్ల వెలుగు దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ ఒక ఫోటాన్ శక్తి వేడి శక్తికి 56 రెట్లు. ఖాళీ ద్వారంలో వేడి వల్ల ఒక ఫోటాన్ ఉండే అవకాశం `e^-56`, అంటే దశాంశ బిందువు తర్వాత 24 సున్నాలు పెట్టాక మొదలయ్యే అంకె. ఫ్రిజ్‌లో పెట్టకుండానే, ఏమీ చల్లబరచకుండానే, ఆ ద్వారం నిజంగా ఖాళీ. మామూలు బల్ల మీద పరిశుద్ధమైన క్వాంటం స్థితి ఉచితంగా దొరకడమంటే ఇదే. రెండో వర్ణన నాకు ఇష్టమని అన్నది ఇందుకే.

ఆ పరిశుద్ధత వల్ల ఒరిగేదేమిటి? రెసిస్టర్‌లోని ఒక్కో కుదుపూ చుట్టూ ఉన్న కోట్ల కోట్ల అణువుల కుదుపులతో ముడిపడి ఉంటుంది. అంటే ఆ వోల్టేజ్ ఎంతో చెప్పే సమాచారం బయట ఎక్కడో ఉంది. దాన్ని సేకరించడం మన తరం కాదు, కానీ ఉంది. మనకు తెలియకపోవడం వల్లే అది రాండమ్‌గా కనిపిస్తోంది. పరిశుద్ధమైన శూన్యస్థితికి అలాంటి జంట బయట ఏదీ ఉండదు. దాన్ని కొలిచినప్పుడు వచ్చే విలువ, కొలవకముందు ఎక్కడా రాసి పెట్టి లేదని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. తెలివైన శత్రువైనా, ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా, దాచుకోవడానికి నకలు లేదు.

అంత సిద్ధాంతం అక్కర్లేని తేడా కూడా ఒకటుంది. నాలుగో రోజు అడాప్టర్ చేసిన పనిని కావాలని ఎవరైనా చేయగలరు. పవర్ తీగలో సిగ్నల్ ఎక్కించవచ్చు, దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ పెట్టవచ్చు. ఎలక్ట్రానిక్ నాయిస్‌లో ఏది సహజం, ఏది బయటివాడు పంపింది అని విడదీయడానికి నా వెలుగు-వేరియన్స్ గీత లాంటిది దొరకడం కష్టం.

11వ రోజు

ఇప్పుడు బిట్లు. 8 బిట్ల డిజిటైజర్‌తో సెకనుకి 10 కోట్ల శాంపిళ్లు తీసి చూశాను. పక్కపక్క శాంపిళ్ల మధ్య కోరిలేషన్ 0.92. ఆశ్చర్యం లేదు, సిగ్నల్ 10 మెగాహెర్ట్జ్ దాటి కదలలేదు, నేను దానికన్నా చాలా వేగంగా చూస్తున్నాను. ఒకే విలువను పదిసార్లు రాసుకుని పది విలువలు వచ్చాయనుకోవడం లాంటిది. అందుకే సిగ్నల్‌ని మిక్సర్‌లో 6 మెగాహెర్ట్జ్ సైన్‌తో కలిపి, 4 మెగాహెర్ట్జ్ లోపలికి దించి, సెకనుకి 80 లక్షల శాంపిళ్లే తీశాను. కోరిలేషన్ కొలవలేనంతకు తగ్గింది.

తర్వాతి పని ఒక్కో శాంపిల్‌లో నమ్మదగిన రాండమ్‌నెస్ ఎంతో లెక్కకట్టడం. దీనికి మామూలు ఎంట్రపీ కాదు, మిన్-ఎంట్రపీ చూడాలి. ఊహించేవాడు ఒక్కసారి ఊహిస్తే సరిపోయే అత్యధిక అవకాశం ఎంత అన్నదే కొలమానం. వేరియన్స్ వర్గమూలాన్ని సిగ్మా అంటారు. డిజిటైజర్ పరిధిని నాయిస్‌కి అటూ ఇటూ 5 సిగ్మాలు పట్టేలా పెట్టాను. అంటే ఒక గడి వెడల్పు 10/256 సిగ్మా. గాసియన్ నడిబొడ్డున ఉన్న గడిలో పడే అవకాశం సుమారు 0.0156, అంటే 6.0 బిట్లు.

కానీ ఈ 6.0లో ఎలక్ట్రానిక్ నాయిస్ కూడా ఉంది. దాన్ని మన ఖాతాలో వేసుకోకూడదు. ఎదుటివాడికి ఆ భాగం ప్రతి శాంపిల్‌లోనూ ముందే తెలుసని ఒప్పుకుని లెక్కకట్టాలి. అప్పుడు వాడి దృష్టిలో గాసియన్ కేంద్రం జరుగుతుంది, వెడల్పు క్వాంటం భాగానికే పరిమితమవుతుంది. పోయేది ఇంత:

```
½ log2(1 + 2.0/48.3) ≈ 0.03
```

మిగిలింది 5.97. ఇంత తక్కువే పోయిందా అని నేనూ మొదట నమ్మలేదు. మళ్లీ మళ్లీ లెక్కేశాను. క్వాంటం భాగం 24 రెట్లు పెద్దదైనప్పుడు ఎలక్ట్రానిక్ భాగం తెలిసినా ఊహించేవాడికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండూ సమానంగా ఉంటే సగం బిట్ పోతుంది. క్వాంటం భాగం సున్నా అయితే మొత్తం పోతుంది. ఆ చివరి మాటే తర్వాతి రోజు ప్రయోగానికి దారి తీసింది.

డిజిటైజర్ పరిధి దగ్గర ఒక ఉచ్చు ఉంది, చెప్పి తీరాలి. పరిధి చిన్నది చేస్తే గడులు సన్నబడి ఎక్కువ బిట్లు వస్తాయనిపిస్తుంది. అటూ ఇటూ 2 సిగ్మాలకి కుదిస్తే నడి గడి లెక్క 7.3 బిట్లు చూపిస్తుంది. కానీ పరిధి దాటిన విలువలన్నీ చివరి గడిలో కుప్పపడతాయి. ఒక్కో చివరి గడిలోనూ 2.3 శాతం. ఊహించేవాడు నడి గడి కాదు, చివరి గడి పేరు చెప్తాడు. నిజమైన మిన్-ఎంట్రపీ 5.5 లోపే. హిస్టోగ్రామ్ రెండు చివరలా గోడలు లేచాయంటే ఈ తప్పు జరిగిందని అర్థం.

12వ రోజు

ముడి శాంపిళ్లను, బిట్లన్నీ కలగలిపి తక్కువ బిట్లుగా కుదించే టోప్లిట్జ్ హాష్‌తో పిండాను. 512 శాంపిళ్లు, అంటే 4096 బిట్లు లోపలికి, 2560 బిట్లు బయటికి. 512 శాంపిళ్లలో లెక్క ప్రకారం 3056 బిట్ల మిన్-ఎంట్రపీ ఉంది. భద్రత కోసం 128 తీసేసినా 2928 తీయవచ్చు. నేను శాంపిల్‌కి 5 బిట్లకే ఆగాను, గీత కొంచెం జరిగినా ఇబ్బంది ఉండదని. ఈ హాష్‌కి 6655 బిట్ల విత్తనం కావాలి, అది శాంపిళ్లతో సంబంధం లేకుండా వేరేచోట నుంచి రావాలి. అంటే రాండమ్ బిట్లు తయారు చేయడానికి ముందే కొన్ని రాండమ్ బిట్లు ఉండాలి. దీన్ని తప్పించుకునే దారి లేదు. అదే విత్తనాన్ని మళ్లీ మళ్లీ వాడొచ్చు అన్నదొక్కటే ఊరట.

వంద కోట్ల బిట్లు తీసి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఇచ్చిన ఎస్పీ 800-22 సూట్‌లోని 15 టెస్టులూ నడిపాను. అన్నీ పాస్.

ఆ తర్వాత లేజర్ ఆపేశాను. సిగ్నల్ సిగ్మా 5 రెట్లు తగ్గింది కాబట్టి డిజిటైజర్ ముందు గెయిన్ 5 రెట్లు పెంచాను. పరిధి మళ్లీ నిండింది. అదే హాష్, అదే విత్తనం, వంద కోట్ల బిట్లు. మళ్లీ 15 టెస్టులు.

అన్నీ పాస్.

ముడి శాంపిళ్ల మీద అదే సంస్థ ఇచ్చిన ఎస్పీ 800-90బీలోని ఎంట్రపీ అంచనాలు కూడా నడిపాను. లేజర్ ఉన్నా లేకున్నా దాదాపు ఒకే అంకె. ఆ ప్రోగ్రాముల తప్పేం లేదు. వాటికి ఇచ్చింది అంకెల వరస, అవి వరసలోని క్రమాన్ని వెతుకుతాయి. ఆ వరస ఎక్కడ పుట్టింది, దాని నకలు ఇంకెవరి దగ్గరైనా ఉందా అన్నది వరసలో రాసి ఉండదు. రహస్య కీ తెలిసినవాడు ఒక్కో అంకే చెప్పేయగల సూడో రాండమ్ ప్రోగ్రాం కూడా ఇవే టెస్టులు పాసవుతుంది.

రెండు ఫైళ్లనూ మిత్రుడికి పంపి, ఏది ఏదో చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. మొదటి రోజు వాడడిగిన ప్రశ్నకి జవాబు ఫైలులో లేదు, అయిదో రోజు గీసిన సరళరేఖలో ఉంది.

15వ రోజు

ఆ సరళరేఖకీ ఒక హద్దుంది. దాన్ని నేను నమ్ముతున్నది ఈ డిటెక్టర్ నేను కట్టింది కాబట్టి. పెట్టె మూసేసి ఇంకొకరికిస్తే, లోపల వెలుగుని బట్టి నాయిస్ పెంచే దొంగ సర్క్యూట్ లేదని వాళ్లకు ఎలా తెలుస్తుంది? పెట్టెను నమ్మకుండా రాండమ్‌నెస్‌ని నిరూపించే దారి బెల్ పరీక్ష. ముడిపడిన రెండు కణాలను విడివిడిగా కొలిచి, ఆ ఫలితాల పొంతన ముందే రాసిపెట్టిన విలువలతో కుదరదని చూపడమే అది. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో మీటరు దూరంలో ఉన్న రెండు యటర్బియం అయాన్లతో అలా 42 బిట్లు తీశారు. కొన్ని వారాల శ్రమకి 42 బిట్లు. నా పెట్టె సెకనుకి 4 కోట్లు ఇస్తుంది, బదులుగా నా మాట నమ్మమంటుంది. ఈ బేరం తెలిసి చేసుకోవాలి.

నమ్మే భాగాన్ని తగ్గించడానికి నేను చేయగలిగింది కొలుస్తూ ఉండటం. ప్రతి నిమిషం ఫిల్టర్ తర్వాతి వేరియన్స్‌నీ, ఫిల్టర్‌కి ముందు డీసీనీ రికార్డు చేసే ప్రోగ్రాం రాశాను. డీసీ 100 మిల్లీవోల్టులు దాటితే బిట్లు ఇవ్వడం ఆపేయాలి. గంటకోసారి షటర్ మూసి ఎలక్ట్రానిక్ నాయిస్‌ని కూడా మళ్లీ కొలుస్తుంది.

16వ రోజు

రాత్రంతా నడిపాను. పొద్దున చూస్తే తెల్లవారుజామున 3 గంటలప్పుడు ప్రోగ్రాం బిట్లు ఇవ్వడం ఆపేసి ఉంది. కొలతలు మాత్రం కొనసాగాయి. డీసీ మెల్లగా జరుగుతూ ఉదయానికి 240 మిల్లీవోల్టులకి చేరింది. హాఫ్ వేవ్ ప్లేట్ పట్టీ బిగుతు చాలక, గది చల్లబడేకొద్దీ కాస్త తిరిగింది.

240 మిల్లీవోల్టుల తేడాకి లేజర్ మినుకు ఎంత రావాలో లెక్కేశాను. 1 వోల్ట్‌కి 48 వచ్చింది, కాబట్టి 0.24 వర్గంతో గుణిస్తే 2.8. మామూలు 50.3కి కలిపితే 53.1. రికార్డులో ఉన్నది 53.1.

లెక్క ప్రకారం ఆ స్థితిలో కూడా శాంపిల్‌కి 5.9 బిట్లు మిగులుతాయి, నేను తీసే 5 బిట్లకి ముప్పు లేదు. అయినా ఆగడమే సరైనది, ప్లేట్ అక్కడితో ఆగుతుందని గ్యారంటీ లేదు కదా. పరీక్ష కోసం దాచుకున్న ఉదయపు ముడి శాంపిళ్లను పిండి 15 టెస్టులకిచ్చాను. అన్నీ పాస్. ఆ ఫైలు తుడిచేసి, పట్టీ మరలు బిగించి, ప్లేట్‌ని మళ్లీ తిప్పి డీసీని 4 మిల్లీవోల్టులకి తెచ్చాను. వేరియన్స్ 50.4. గీత మళ్లీ గీస్తున్నాను.